28 మీటర్లు

నిన్న పదో తరగతి పిల్లలకు రహదారి భద్రత స్లైడ్లు చూపించవలసి వచ్చినప్పుడు, ఉత్త అంకెలు చదివితే ఎవరూ వినరని తెలిసి, వాటినే కథగా మలిచాను: కొత్తగా లైసెన్సు వచ్చిన కుర్రవాడు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ, మోగిన ఫోన్ వైపు రెండు సెకన్లు చూస్తాడు.

"రెండు సెకన్లేగా సార్!" అని వెనుక బెంచీ నవ్వింది.

కథ అక్కడే ఆపి అందరినీ మైదానంలోకి తీసుకెళ్లి, సెకనుకు దాదాపు 14 మీటర్ల లెక్కన టేపుతో 28 మీటర్లు కొలిపించి, రెండు చివరలా సున్నంతో గీతలు గీయించాను. నవ్విన అబ్బాయినే కళ్లు మూసుకుని నడవమంటే, ఆరేడు అడుగులకే చేతులు ముందుకు చాచి ఆగిపోయాడు. బ్రేకు పడేది రెండో గీత దాటాకేనని, పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్నా బండి ఆగడానికి మరో 14 మీటర్లు పడుతుందని చెప్పాను.

వాడు సున్నం డబ్బా అందుకుని, "వాన పడితే మూడో గీత ఎక్కడ సార్?" అని అడిగాడు.