ఇరవై ఎనిమిది రోజుల లెక్క: యూకే వీసాకి బ్యాంకు కాగితం

పోయినేడాది, అంటే 2025 సెప్టెంబరులో, ఎమ్మెస్సీకి యూకే వెళ్ళాల్సి ఉండగా మా ఇంట్లో అందరం ఆందోళన పడింది ఇంగ్లిషు పరీక్ష గురించి. అది సాఫీగా అయిపోయింది. మమ్మల్ని నెల రోజులు వెనక్కి నెట్టింది మాత్రం బ్యాంకు కాగితం.

ముందు మా లెక్క చెప్తాను. నా కోర్సు ఫీజు 16,000 పౌండ్లు. అందులో 5,000 ముందే కట్టాం, అది యూనివర్సిటీ పంపిన ప్రవేశ ధృవీకరణ, అంటే కాస్‌లో నమోదైంది. ఇంకా కట్టాల్సింది 11,000. దీనికి తోడు అక్కడ ఉండటానికి, తినడానికి ఖర్చు చూపించాలి. నేను దరఖాస్తు చేసేనాటికి లండన్ బయట చదివేవాళ్ళకి నెలకి 1,136 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకి, అంటే 10,224. మొత్తం 21,224 పౌండ్లు. (నెలసరి మొత్తం మారుతుంటుంది. 2025 నవంబరులోనే పెరిగింది. మీరు దరఖాస్తు చేసే రోజున ఎంతుందో యూకే ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవాలి.) పౌండుకి 117 రూపాయలు వేసుకుంటే 24 లక్షల 83 వేలు. నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు ఉంది కాబట్టి జూన్ 12న ఆయన సేవింగ్స్ ఖాతాలో 25 లక్షలు వేశాం. పాత నిల్వతో కలిపి 25 లక్షల 6 వేలు. గుంటూరులో మాకు సలహా ఇచ్చిన కన్సల్టెన్సీ వాళ్ళు, "బ్యాలెన్స్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలమ్మా" అన్నారు.

జూలై 10న బ్రాంచికి వెళ్ళి అడిగితే పది నిమిషాల్లో ఇచ్చేశారు. లెటర్‌హెడ్ మీద నాన్న పేరు, ఖాతా నంబరు, ఆ రోజుకి ఉన్న నిల్వ, కింద సీలు, సంతకం. చూడటానికి ఏ లోటూ లేదు. కానీ నిబంధన అడిగేది ఒక్క రోజు నిల్వ కాదు. ఆ డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఆ 28 రోజుల్లో చివరి రోజుకీ మనం దరఖాస్తు చేసే రోజుకీ మధ్య 31 రోజులు దాటకూడదు. ఒక్క తేదీ మాత్రమే ఉన్న సర్టిఫికెట్ ఆ సంగతి చెప్పలేదు. అది నిన్న అప్పు తెచ్చి వేసిన డబ్బో, ఏడాదిగా ఉన్న డబ్బో కాగితం చూసేవాళ్ళకి తెలియదు.

అందుకని స్టేట్‌మెంట్ కూడా అడిగాను. ఇంటికొచ్చి జూన్ 12 నుంచి ఒక్కో వరుసా వేలు పెట్టి చదువుతుంటే జూలై 1 దగ్గర ఆగిపోయాను. నాన్న బీమా ప్రీమియం 42 వేలు ఆటోడెబిట్ అయిపోయింది. మధ్యలో కాస్త వడ్డీ పడినా నిల్వ 24 లక్షల 67 వేలకి దిగింది. మేము చూపించాల్సింది 24 లక్షల 83 వేలు. పదహారు వేలు తక్కువ. రోజువారీ నిల్వ ఒక్కరోజు తగ్గినా ఆ 28 రోజులు తెగిపోయినట్టే, మళ్ళీ సరిపడా అయిన రోజు నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోవాలి. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆ పాలసీ నా పేరు మీద తీసుకున్నదే.

ఆ సాయంత్రమే అమ్మ పేరుమీద ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి రద్దు చేసి లక్షన్నర నాన్న ఖాతాలోకి మార్చాం. నిల్వ 26 లక్షల 17 వేలు అయింది. కొంచెం ఎక్కువే ఉంచడానికి ఇంకో కారణం ఉంది. పౌండు ధర దరఖాస్తు చేసే రోజున ఎంత ఉంటే అంత. దాన్ని ఒవాండా సైట్‌లో ఉన్న రేటుతో చూస్తారు. పౌండు 118 అయితే మాకు కావలసింది 25 లక్షల 4 వేలు. అంటే ప్రీమియం కోత లేకపోయినా మా మొదటి నిల్వ అంచుకే ఆనుకుని ఉండేది. ఆ రోజే నాన్న ఖాతాకి ఉన్న ఆటోడెబిట్‌లు, యూపీఐ అన్నీ అమ్మ ఖాతాకి మార్చేశాం. కూరగాయలకి కూడా ఆ ఖాతా ముట్టుకోలేదు.

ఆ నెల రోజుల్లో ఇంకో లోపం బయటపడింది, అది బయటపడటమే నయమైంది. నాన్న ఖాతా ముప్ఫై ఏళ్ళ నాటిది. అందులో ఆయన పేరు మూడు ఇంగ్లిషు అక్షరాల పొడి పేరు, చివర రావు. నా జనన ధృవీకరణ పత్రంలోనూ, ఆయన పాస్‌పోర్టులోనూ ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఉంది. తండ్రి డబ్బు చూపిస్తున్నప్పుడు ఆయన నా తండ్రే అని జనన పత్రం చెప్పాలి, ఆ డబ్బు వాడుకోవడానికి ఆయన సమ్మతిస్తున్నట్టు సంతకంతో ఉత్తరం ఉండాలి. మూడు కాగితాల్లో ఉన్న మనిషి ఒక్కరే అని అక్కడ కూర్చున్న అధికారికి ఎలా తెలుస్తుంది? మన పేర్ల పొడి అక్షరాలు వాళ్ళకి అర్థం కావు. ఆధార్, పాన్, పాస్‌పోర్టు చూపించి కేవైసీ ఫారం నింపితే మూడు రోజుల్లో పేరు సరిచేశారు. ఖాతా నంబరు మారలేదు కాబట్టి రోజుల లెక్కకి ఏమీ కాలేదు. బాబాయిదో తాతయ్యదో ఖాతా అయితే ఈ దారే ఉండదు. తల్లిదండ్రులు లేక చట్టబద్ధమైన సంరక్షకుల డబ్బు తప్ప మిగతా బంధువుల డబ్బు నేరుగా చూపించడానికి లేదు. అలాంటప్పుడు డబ్బు మన ఖాతాలోకి వచ్చాక అక్కడ 28 రోజులు ఉండాలి.

ఆగస్టు 7న మళ్ళీ బ్రాంచికి వెళ్ళాను. ఈసారి రాసిపెట్టుకున్న కాగితంతో వెళ్ళాను. సర్టిఫికెట్‌లో "28 రోజులుగా నిల్వ తగ్గలేదు" అని రాయమని అడిగాను.

"అది సిస్టమ్ నుంచి వచ్చే ఫార్మాట్ అమ్మా, మేము ఒక్క మాట కూడా కలపలేం" అన్నారు ఆఫీసరు గారు.

"అయితే సార్, స్టేట్‌మెంట్ జూలై 1 నుంచి ఇవాళ్టి దాకా ఇవ్వండి. బ్యాంకు పేరు, లోగో ఉన్న కాగితం మీదే ఇప్పించండి" అన్నాను.

కౌంటర్లో మామూలుగా ఇచ్చేది తెల్లకాగితం మీద ప్రింటు, అందులో లోగో ఉండదు. ఆయన విసుక్కోకుండా లెటర్‌హెడ్ మీద ప్రింటు తీయించి, ప్రతి పేజీకీ సీలు వేసి, సంతకం కింద తన పేరు, హోదా, బ్రాంచి ఫోను నంబరు రాశారు. వీసా వాళ్ళు బ్యాంకుని అడిగి సరిచూసుకోవచ్చు, అప్పుడు ఆ నంబరు పనికొస్తుంది. నిజానికి ఈ వీసాకి స్టేట్‌మెంట్ ఒక్కటే సరిపోతుంది. బ్యాలెన్స్ సర్టిఫికెట్‌ని దానికి జతగా పెట్టాను.

స్టేట్‌మెంట్ చివరి తేదీ ఆగస్టు 7. అక్కడి నుంచి వెనక్కి 28 రోజులు లెక్కపెడితే జూలై 11. డబ్బు సరిపడా అయింది జూలై 10న. ఒక్కరోజు ఎక్కువే. ఇంట్లో క్యాలెండరు మీద నాన్న వేలితో ఒక్కో గడీ లెక్కపెట్టి, అమ్మ చేత రెండోసారి పెట్టించారు.

ఆ మర్నాడు వరలక్ష్మీ వ్రతం. అమ్మ పూజ ముగించి వాయనాలిచ్చాక, సాయంత్రం కూర్చుని దరఖాస్తు పంపాను. వేలిముద్రలకి హైదరాబాద్ వెళ్ళొచ్చాను. వీసా చేతికొచ్చేదాకా నాన్న ఆ ఖాతాలో ఒక్క రూపాయి కూడా కదలనివ్వలేదు. వచ్చిన రోజునే బ్యాంకుకెళ్ళి, మిగిలిన ఫీజు 11,000 పౌండ్లూ అదే ఖాతా నుంచి పంపించారు.