బాక్స్‌లో ఎలక్ట్రాన్: రెండో గోడ దగ్గర తేలిన లెక్క

బెంగళూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేటప్పుడు, అనంత లోతు బావిలో, అంటే దాటలేని గోడల మధ్య ఉన్న బాక్స్‌లో, కణం లెక్కని సైన్ ఫార్ములా వాడకుండా కంప్యూటర్‌తో చేసి తీరాలనుకున్నాను. గోడలు పెడితే శక్తి ఎందుకు మెట్లు మెట్లుగా మారుతుందో ఫార్ములా చెప్పదు, జవాబు మాత్రమే ఇస్తుంది.

1 నానోమీటరు వెడల్పున్న బాక్స్, అందులో ఒక ఎలక్ట్రాన్. ష్రోడింగర్ సమీకరణం ఇలా అవుతుంది (`x` నానోమీటర్లలో, `E` ఎలక్ట్రాన్ వోల్టుల్లో):

```
ψ'' = -26.25 * E * ψ
```

ఇక్కడ ψ ఎలక్ట్రాన్ తరంగ ఫలనం, రెండు గోడల దగ్గరా అది సున్నా కావాలి. ఎడమ గోడ దగ్గర ψ సున్నా, వాలు 1 అని పెట్టి, చిన్న చిన్న అడుగులతో కుడి గోడ దాకా గీసుకుంటూ వెళ్లాను. `E` సున్నా అయితే గీత వంగదు, నేరుగా పైకి పోతుంది. రుణాత్మకమైతే ఇంకా దూరంగా విచ్చుకుంటుంది. రెండిట్లోనూ కుడి గోడ దగ్గర సున్నాకి రాదు. బంధించిన ఎలక్ట్రాన్‌కి సున్నా శక్తి ఎందుకు ఉండదో అక్కడే అర్థమైంది.

0.3 పెడితే గీత వంగింది కానీ గోడ దగ్గర ఇంకా సున్నాకి పైనే ఉంది. 0.45 పెడితే గోడకి ముందే సున్నాని దాటి కిందికి పోయింది. ఈ రెండిటి మధ్య సగానికి సగం తగ్గించుకుంటూ వెళ్తే 0.376 దగ్గర సరిగ్గా గోడ మీద సున్నా అయింది.

"వాలు మార్చి చూడు," అంది మా సీనియర్ అక్క. 1 బదులు 5 పెట్టాను. గీత మొత్తం అయిదు రెట్లు ఎత్తు పెరిగింది, సున్నా అయ్యే చోటు మాత్రం కదల్లేదు. అంటే కుడి గోడ షరతు తీర్చడానికి మన చేతిలో మిగిలింది `E` ఒక్కటే. రెండో గోడ లేకపోతే ఆ షరతే ఉండదు, ఏ ధన శక్తి అయినా చెల్లుతుంది.

`E` పెంచుతూ పోతే ఒక్కో శక్తి స్థాయి దాటగానే కుడి గోడ వైపు నుంచి ఒక కొత్త నోడ్, అంటే ψ సున్నాని దాటే చోటు, బాక్స్‌లోకి వస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే, పనికొచ్చేదీ ఇదే. `E` 0.1 దగ్గరా 2 దగ్గరా కుడి గోడ వద్ద ψ ధనాత్మకమే. గుర్తు మారలేదు కాబట్టి మధ్యలో స్థాయిలేవీ లేవనిపిస్తుంది. కానీ 2 దగ్గర లోపల రెండు నోడ్‌లు కనిపిస్తాయి. కాబట్టి కింద రెండు స్థాయిలు ఉండి తీరాలి. వెతికితే 0.376, 1.504 దొరికాయి. మూడోది 3.384. వాటికి గోడలు కాక లోపలి నోడ్‌లు వరుసగా 0, 1, 2. శక్తులు 1, 4, 9 నిష్పత్తిలో ఉన్నాయి.

తర్వాత బాక్స్‌ని 2 నానోమీటర్లు చేశాను. మొదటి స్థాయి 0.094కి, అంటే నాలుగో వంతుకి దిగింది. అదే 1 సెంటీమీటరు అయితే అది దాదాపు 3.8 × 10⁻¹⁵ ఎలక్ట్రాన్ వోల్టులు. అంత దగ్గర దగ్గరగా ఉన్న మెట్లని మామూలు గది వేడిలో విడదీసి చూడలేం.