రబ్బరుతో చెరిపేసిన మూడు చుక్కలు

గుంటూరు, మంగళవారం రాత్రి.

ఏప్రిల్ ఎండలు. పొద్దున పదింటికే ల్యాబులో థర్మామీటరు 34 చూపించింది. మా వాటర్ బాత్ నీళ్లను వేడి చేస్తుందే గానీ చల్లబరచదు. అందుకే ఎస్‌డీఎస్ ప్రయోగాన్ని 25 డిగ్రీల దగ్గర కాకుండా 35 దగ్గర చేయిస్తాను. ద్రావణం కరెంటును ఎంత మోస్తుందో చెప్పే వాహకత డిగ్రీకి దాదాపు 2 శాతం మారుతుంది. ఉష్ణోగ్రత ఎంతైనా సరే, ప్రయోగం అయ్యేదాకా కదలకుండా ఉండాలి.

ఎస్‌డీఎస్ అంటే సోడియం డోడెసిల్ సల్ఫేట్, షాంపూల్లో వేసే సర్ఫాక్టెంట్ల జాతిదే. 2.88 గ్రాములు కరిగించి 100 మిల్లీలీటర్లు చేస్తే 0.1 మోలార్ ద్రావణం. దాన్ని 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లోకి అర మిల్లీలీటరు చొప్పున వదులుతూ, ప్రతిసారీ నెమ్మదిగా కలిపి మీటరు చూడాలి. మొదట్లో వేసిన ప్రతి అణువూ ఒక సోడియం అయానును, ఒక సబ్బు అయానును నీళ్లలోకి వదులుతుంది. అందుకని గ్రాఫులో వాహకత గీత నిటారుగా లేస్తుంది. ఒక గాఢత దాటాక కొత్తగా వేసిన సబ్బు అయాన్లు విడిగా ఉండవు. సుమారు 60 చొప్పున గుంపు కట్టి, తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి మిసెల్ అవుతాయి. పక్కనే ఉన్న సోడియం అయాన్లలో సగానికి పైగా ఆ గుంపుకే అతుక్కుంటాయి. అక్కడి నుంచి కూడా వాహకత పెరుగుతుంది, కానీ నెమ్మదిగా. గీత వంగిన ఆ చోటే సీఎంసీ, అంటే మిసెల్‌లు పుట్టడం మొదలయ్యే గాఢత.

ఒక అమ్మాయికి అది 9.2 మిల్లీమోలార్ వచ్చింది. నోట్సు చూస్తే, నాలుగున్నర మిల్లీలీటర్లు పోశాక కూడా మొత్తం ఘనపరిమాణం 50 అనే వేసుకుంది. పోసింది కూడా కలిపి లెక్క కట్టిస్తే మొదటి గీత వాలు 78, రెండోది 31, రెండూ కలిసేది 8.4 దగ్గర. సరైన విలువే. 31ని 78తో భాగిస్తే 0.4. అంటే మిసెల్ దగ్గరున్న సోడియంలో స్వేచ్ఛగా తిరిగేది దాదాపు 40 శాతమని చెప్పుకోవచ్చు. మిసెల్ కూడా తనవంతు కరెంటు మోస్తుంది కాబట్టి అసలు విలువ ఇంకొంచెం తక్కువే.

నన్ను ఆపింది అది కాదు, అదే రికార్డులో తర్వాతి పేజీ. స్టాలగ్మోమీటరు నుంచి రాలే ద్రవం చుక్కలు లెక్కపెట్టి తలతన్యత, అంటే ద్రవం ఉపరితలంలోని బిగువు, కొలిచిన గ్రాఫు. గీత చక్కగా దిగి, 8 దాటాక బల్లపరుపుగా ఉంది. టెక్స్ట్‌బుక్కులో బొమ్మలాగే. కానీ వెలుతురుకి పట్టి చూస్తే 6కీ 8కీ మధ్య మూడు చుక్కలు రబ్బరుతో చెరిపిన గుర్తులు కనిపించాయి.

"ఇవేంటమ్మా?" అని అడిగాను.

"తప్పుగా వచ్చాయి మేడమ్. పడిపోయి మళ్లీ లేచాయి. అలా రాకూడదు కదా."

కోపం రాలేదు, బాధేసింది. రఫ్ నోట్సు తెప్పించాను. నీళ్లకు 46 చుక్కలు, 7 మిల్లీమోలార్ దగ్గర 98, 10 దగ్గర 85. చుక్కలు పెరిగితే తలతన్యత తగ్గినట్టే. లెక్కేస్తే అది 70 నుంచి 33కి దిగి, మళ్లీ 38కి ఎక్కింది. ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టి ఉంటే ఆ గుంట కనపడాలి!

ఆ గుంట డోడెకనాల్ వల్ల వస్తుంది. ఎస్‌డీఎస్ నీళ్లలో నిలవ ఉంటే కొద్ది కొద్దిగా విరిగి ఈ ఆల్కహాల్ పుడుతుంది. మేం వాడిన ద్రావణం పోయిన సోమవారం కలిపి, ఈ ఎండలోనే అల్మారాలో పెట్టింది. పొడి డబ్బా కూడా పాతదే. డోడెకనాల్ నీళ్లలో కరగడానికి ఇష్టపడదు, ఉపరితలానికి చేరి సబ్బు అణువుల మధ్య ఇరుక్కుంటుంది. అందుకే పిసరంత ఉన్నా తలతన్యతను అతిగా దించేస్తుంది. మిసెల్‌లు పుట్టాక వాటి నూనె లాంటి కడుపులోకి దూరిపోతుంది. ఉపరితలం మళ్లీ సబ్బుకే మిగులుతుంది, గీత లేస్తుంది. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి వాహకత మీటరుకు ఆ పిసరు దాదాపు తెలియదు. ఒకే సీసాలోని ద్రావణంతో ఒక గ్రాఫు శుభ్రంగా, ఇంకొకటి గుంటతో వచ్చిందంటే కారణం అదే.

ఇదంతా చెబుతుంటే ఆ అమ్మాయి పెన్ను తీసి ఆ మూడు చుక్కలనూ తిరిగి పెట్టింది. ఈసారి పెన్సిలుతో కాదు.

సాయంత్రం ఇద్దరం ఉండిపోయి మిగిలిన పొడిని వేడి ఇథనాల్‌లో కరిగించాం. సబ్బు స్ఫటికాలుగా పడుతుంది, డోడెకనాల్ పైద్రవంలోనే ఉండిపోతుంది. బీకరు ఫ్రిజ్‌లో ఉంది. రేపు వడగట్టి, ఆరబెట్టి, తాజాగా కలిపి, మళ్లీ చుక్కలు లెక్కపెడతాం.