జైరెక్‌లో దిగిన బుట్ట

ఇస్తాంబుల్‌లో మూడు రోజులు చూసిన మసీదులన్నీ కలగాపులగమైపోయాయి కానీ, జైరెక్ ఎత్తు ఎక్కుతూ ఆయాసంతో ఆగినప్పుడు కనిపించిన బుట్ట మాత్రం కళ్లముందే ఉంది. మూడో అంతస్తు కిటికీలోంచి ఒక ముసలామె తాడు కట్టిన బుట్టను వదిలింది. కింద కొట్టు కుర్రవాడు రెండు రొట్టెలు వేసి తాడు లాగాడు. మా హైదరాబాద్ అపార్టుమెంట్లలో కూరగాయల బండి వచ్చినప్పుడు జరిగే వ్యవహారమే.

నేను వెతుక్కుంటూ వచ్చిన సమాధి కూడా ఒక బుట్టాయనదే. 1503 నుంచి 1526 దాకా ఒట్టోమన్ రాజధానిలో ధర్మసందేహాలకు జవాబు చెప్పే ముఫ్తీగా, అంటే షేక్ ఉల్ ఇస్లాంగా ఉన్న అలీ జెమాలీ. ఆయన కిటికీలోంచి బుట్ట దించితే జనం ప్రశ్న రాసిన చీటీ అందులో వేసేవారట, జవాబు అదే బుట్టలో దిగేదట. అందుకే ‘జెన్‌బిల్లీ’, బుట్ట గలవాడు, అన్న పేరు నిలిచింది.

ఆ చీటీల పద్ధతి నాకు ముచ్చటగా తోచింది. వాటిలో అసలు మనుషుల పేర్లుండవు. మన లెక్కల పుస్తకంలో రాముడు, సోముడు ఉన్నట్టు జైద్, అమ్రు, ఆడవారైతే హింద్. ‘జైద్ ఇలా చేస్తే చెల్లుతుందా?’ అని ప్రశ్న. ‘చెల్లుతుంది’, ‘చెల్లదు’ అని తరచు ఒక్క మాటలో జవాబు. అదే ఫత్వా. అది తీర్పు కాదు. జైద్ నిజంగా ఆ పని చేశాడా లేదా అని ముఫ్తీ విచారించడు. సాక్షులను పిలవడం, తీర్పు చెప్పడం ఖాజీ పని. ఫత్వా చేత పట్టుకుని ఖాజీ దగ్గరికి వెళ్లినా, రాసిన సంగతి రుజువు కాకపోతే ఆ కాగితం వల్ల లాభం లేదు.

ఖాజీలను చూసుకునే పెద్దలు ఇద్దరు కజస్కర్లు. సుల్తాను మంత్రిమండలిలో కూర్చునేది వారే, ముఫ్తీకి అక్కడ ఆసనం లేదు. అయినా పదహారో శతాబ్దం నడిచేకొద్దీ పండితుల నిచ్చెనలో పైమెట్టు ముఫ్తీదే అయింది. మదరసాలో పాఠాలు చెప్పి, పెద్ద నగరాల్లో ఖాజీగా చేసి, కజస్కరై, ఆ తరవాత అక్కడికి చేరాలి. ఎబుస్సుఊద్ అనే పండితుడు ఎనిమిదేళ్లు రుమేలీకి, అంటే సామ్రాజ్యపు ఐరోపా భాగానికి, కజస్కర్‌గా ఉండి, 1545లో ముఫ్తీ అయి, 1574లో పోయేదాకా కొనసాగాడు. ధర్మవిరుద్ధమైన దానికి సుల్తాను ఆజ్ఞ అనేదే ఉండదని రాసింది ఆయనే. రాసినంత మాత్రాన రక్షణ ఉంటుందనుకోకూడదు. నియమించేదీ తొలగించేదీ సుల్తానే. 1634లో నాలుగో మురాద్ ఏకంగా ఒక షేక్ ఉల్ ఇస్లాంను చంపించాడు.

జైరెక్ నుంచి సులేమానియే మసీదు దగ్గరికి నడిచాను. 1826లో సుల్తాను పదాతి దళమైన జానిసరీలను రద్దు చేశాక, అక్కడున్న వారి సేనాని భవనాన్ని షేక్ ఉల్ ఇస్లాంకు కార్యాలయంగా ఇచ్చారు. అంతకుముందు ఎవరు ముఫ్తీ అయితే వారి ఇల్లే కార్యాలయం. ఇప్పుడక్కడ నగర ముఫ్తీ కార్యాలయం ఉంది. గేటు బయటి నుంచే చూసి, ఆకలికి ఆగలేక ఒక హోటల్లో తెల్ల చిక్కుడు గింజల కూర తిన్నాను. రుచి బాగుంది, ధర మండిపోతోంది. పైగా అడగకుండానే పెట్టిన రొట్టెకు విడిగా డబ్బు వేశారు.

జైద్ అడగని రొట్టెకు అమ్రు డబ్బు తీసుకుంటే చెల్లుతుందా? చెల్లదు అని బిల్లు వెనక తెలుగులో రాసుకున్నాను. ఖాజీ ఎవరూ దగ్గరలో లేరు కనుక మొత్తం చెల్లించి బయటపడ్డాను.