నోటి పుండ్లతో తిండి మానేసిన మా పాప: నా అనుభవం

హైదరాబాదులో వానలు మొదలై ప్లేస్కూళ్లు తెరిచాక, మా మూడేళ్ల పాపకు జ్వరం వచ్చి, ఆ వెంటనే అరచేతుల్లో, అరికాళ్లలో, పిరుదుల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. అమ్మవారు పోసిందేమోనని మా అత్తయ్య అనుకున్నారు. ఆటలమ్మ పొక్కులు ఎక్కువగా ఛాతీ మీద, వీపు మీద వస్తాయని, ఇది కాక్సాకీ వంటి వైరస్‌లతో వచ్చే హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ అని, దీనికి యాంటీబయాటిక్స్ పనిచేయవని పిల్లల డాక్టరు గారు వివరించారు.

ఒంటి మీది పొక్కులు పాపను పెద్దగా బాధించలేదు. నాలుక మీద, బుగ్గల లోపల ఏర్పడిన పుండ్ల వల్ల మాత్రం ఉమ్మి కూడా మింగలేక చొంగ కార్చుకుంటూ, పాలసీసా చూస్తేనే ఏడ్చేది. ఈ జబ్బులో పసిపిల్లలకు ఎక్కువగా ఎదురయ్యే ప్రమాదం ఒంట్లో నీరు తగ్గిపోవడమే కనుక, తిండి తగ్గినా పరవాలేదు గానీ ద్రవాలు ఆగకూడదని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. పాప బరువు 14 కిలోలు కాబట్టి, 5 మి.లీ.కి 250 మి.గ్రా. ఉన్న పారాసిటమాల్ సిరప్ 4 మి.లీ. చొప్పున, అవసరమైతే ఆరు గంటలకొకసారి ఇమ్మన్నారు. అదే మందు తక్కువ మోతాదు సీసాల్లోనూ దొరుకుతుంది కనుక లేబుల్ చదవకుండా కొలత పోయకూడదు.

మందు వేసిన అరగంటకు నొప్పి తగ్గుతుంది. మేము తినిపించినదంతా ఆ సమయంలోనే. సీసా పీక పుండ్లకు ఒరుసుకుంటుందని చెంచాతో పట్టాం. చల్లార్చిన రాగిజావ, పులవని పెరుగులో మెత్తగా మెదిపిన అన్నం, చల్లని పాలు, కాస్త ఐస్‌క్రీమ్ వెళ్లాయి. చారు, టమాటా పప్పు, బత్తాయి రసం మంట పుట్టిస్తాయని పక్కన పెట్టాం. ఎనిమిది గంటలు మూత్రం పోయకపోయినా, ఏడ్చినప్పుడు కన్నీరు రాకపోయినా, మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోయినా, నిద్రలో పదేపదే ఉలిక్కిపడుతున్నా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. అదృష్టవశాత్తూ మాకు ఆ అవసరం రాలేదు.

సాధారణంగా ఇది వారం, పది రోజుల్లో తగ్గుతుంది. మొదటి వారంలోనే ఎక్కువగా అంటుకుంటుంది కాబట్టి, జ్వరం పోయి, చొంగ ఆగి, పొక్కులు ఎండేవరకు బడికి పంపలేదు. అయితే ఆ తర్వాత కూడా కొన్ని వారాలపాటు మలంలో వైరస్ వస్తూనే ఉంటుంది. పిల్లలను అన్నాళ్లు ఇంట్లో కూర్చోబెట్టడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. దొడ్డికి వెళ్లిన ప్రతిసారీ పాప చేతులతో పాటు కడిగినవారి చేతులు కూడా సబ్బుతో, నీళ్లతో శుభ్రం చేసుకోవాలి. ఈ వైరస్ మీద శానిటైజర్ అంత బాగా పనిచేయదు కనుక, మా ఇంట్లో చంటి బాబును ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం అందరికీ నియమంగా పెట్టాను.