3 లక్షల డిపాజిట్టా, పీకో మిషనా: నేను లెక్క వేసుకున్న తీరు

మాది మిర్యాలగూడ. ఒక ప్రైవేటు ఆఫీసులో బిల్లింగ్ పని చేస్తాను. ఏళ్లుగా కూడబెట్టిన 3 లక్షలు సేవింగ్స్ ఖాతాలోనే పడి ఉన్నాయి. ఆ డబ్బుకు నష్టం రాకూడదు, నెలకు కాస్త ఆదాయం పెరగాలి. డిపాజిట్ చేయాలా, లేక సాయంత్రాలు చీరలకు ఫాల్, పీకో కుట్టే పని పెట్టుకోవాలా అన్నది నా ముందున్న ప్రశ్న.

మా చిన్నమ్మ మూడో దారి చెప్పింది. "రెండు రూపాయల మిత్తికి ఇస్తే నెలకు ఆరు వేలొస్తయి బిడ్డా." లెక్క నిజమే, నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. కానీ అసలు తిరిగి రాకపోతే నా చేతిలో ఉండేది ఒక ప్రామిసరీ నోటు. దానితో కోర్టు చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు, అందుకే వద్దన్నాను.

బ్యాంకులో ఏడాది డిపాజిట్‌కు 6.5 శాతం అన్నారు. మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుస్తుంది కాబట్టి 3 లక్షలకు ఏడాదికి దాదాపు 19,980 వస్తుంది. నెలకు 1,665 అన్నమాట. ఒక చిన్న ఫైనాన్స్ బ్యాంకు 7.5 శాతం ఇస్తానంది, అంటే ఏడాదికి ఇంకో 3,160 ఎక్కువ. ఒక బ్యాంకులో ఒకరి పేరు మీదున్న డిపాజిట్‌కు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు బీమా ఉంటుంది, కాబట్టి అక్కడ పెట్టినా నా సొమ్ము ఆ పరిధిలోనే ఉంటుంది. అయితే ఆ బ్యాంకు చిక్కుల్లో పడి లావాదేవీలు ఆపేస్తే, బీమా సొమ్ము చేతికి రావడానికి చట్టం ఇచ్చిన గడువు 90 రోజులు. ఇంట్లో అత్తమ్మకు మందులు నెలనెలా కొనాలి. ఆ మూడు నెలలు గడిచేదెట్లా అని ఆలోచించి, నా మామూలు బ్యాంకులోనే ఉండాలనుకున్నాను. టీడీఎస్ టెన్షన్ కూడా లేదు. ఏడాది వడ్డీ 50,000 దాటితేనే బ్యాంకు కోస్తుంది.

ఇక పని లెక్క. మా వీధిలో చీరకు ఫాల్, పీకో కలిపి 90 రూపాయలు. ఫాల్ గుడ్డ, దారం, కరెంటు పోను 60 మిగులుతాయి. ఫాల్ కింది అంచు మిషన్ మీద వేసినా పై అంచు చేత్తో హెమ్మింగ్ చేయాలి, అందుకే చీరకు 50 నిమిషాలు పడుతుంది. గంటకు 72 రూపాయలు. కాటన్ ఫాల్‌ను ముందే నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయకుండా కుడితే మొదటి ఉతుకులోనే అది ముడుచుకుపోయి చీర అంచు ఉబ్బుతుంది. అట్లా చీర చెడితే ఎన్నో చీరల కూలి పోయినట్టే.

ఇక్కడ చాలామంది పొరపాటు లెక్క వేస్తారు. పెళ్లిళ్ల నెలలో వచ్చిన డబ్బును పన్నెండుతో గుణిస్తారు. శ్రావణంలో, మాఘ, ఫాల్గుణాల్లో చీరలు కుప్పలు పడతాయి. ఆషాఢంలో, మూఢంలో మిషన్ మీద దుమ్ము పడుతుంది. పక్కింటి అక్క ఇదే పని చేస్తుంది. తన నోటు పుస్తకం చూపించమని అడిగితే ఏడాదికి 400 చీరలు తేలాయి. నేను దాన్నే పట్టుకున్నాను. 24,000 వస్తుంది, మిషన్ ధర 14,000 తీసేస్తే మొదటి ఏడాది మిగిలేది 10,000. రెండో ఏడాది నుంచి 24,000. వడ్డీతో అంత రావాలంటే అదే రేటుకు 3 లక్షల 60 వేలు కావాలి.

అంటే మొదటి ఏడాది డిపాజిట్‌ది పైచేయి, తర్వాత పనిది. కానీ ఆ పని ఏడాదికి 330 గంటలు తింటుంది, వడ్డీ గంట కూడా అడగదు. నాకు సాయంత్రాలు ఖాళీ, మిషన్‌కు కావలసింది 14,000 మాత్రమే. ఒకదాన్ని వదులుకోవాల్సిన అవసరమే రాలేదు. మిగిలిన 2,86,000 ఒకే డిపాజిట్‌గా కాకుండా లక్ష చొప్పున రెండు, 86,000ది ఒకటి చేశాను. అవసరం పడితే ఒక్కటే విరుచుకోవచ్చు. గడువుకు ముందు విరిస్తే ఎన్ని నెలలుంటే ఆ నెలల రేటే ఇస్తారు, దానిలోనూ అరశాతమో ఒక శాతమో కోత పెడతారు.

కుట్టిన డబ్బును ఆర్‌డీలో వేద్దామనుకుని మానుకున్నాను. ఆర్‌డీకి ప్రతి నెలా ఒకే మొత్తం కట్టాలి, తప్పితే జరిమానా. నా సంపాదన ఆషాఢంలో ఎండిపోతుంది. అందుకే పెళ్లిళ్ల సీజన్ అయ్యాక చేతిలో ఉన్నదాన్ని ఒకేసారి చిన్న డిపాజిట్ చేస్తున్నాను. ఉద్దెర ఇచ్చిన చీరల డబ్బు రాబట్టుకున్నాకే బ్యాంకుకు వెళతాను.