స్వాగతోపన్యాసం, ఐదో ప్రతి: 11 ‘గారికి’లు ఒకటికి దిగాయి

హమ్మయ్య, ఇన్నాళ్ళకు కుదిరింది. డిగ్రీ కాలేజీ వార్షికోత్సవం, వేదిక మీద ఆరుగురు, చదివేది బీఎస్సీ రెండో ఏడు అమ్మాయి. నిన్నటి రిహార్సల్‌లో మొత్తం ప్రసంగం 3 నిమిషాల 20 సెకన్లు పట్టింది. మొదలు, ముగింపు, కాలేజీ పరిచయం మొదటి ప్రతిలోనే కుదిరాయి, వాటి గురించి చెప్పేదేమీ లేదు. నాలుగు ప్రతులు మింగింది మధ్యలో ఉన్న అతిథుల పేరా ఒక్కటే.

మొదటి ప్రతిలో ఆ పేరాలో ‘గారికి’ 11 సార్లు, ‘స్వాగతం’ 9 సార్లు పడ్డాయి. ఒక్కొక్కరికి పేరు, హోదా, బిరుదు, ‘స్వాగతం సుస్వాగతం’. చదవడానికి నిమిషం 50 సెకన్లే. ప్రతి పేరుకూ నాలుగైదు సెకన్ల చప్పట్లు కలిపితే రెండుంపావు దాటింది. మూడో పేరు దగ్గరికొచ్చేసరికి వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. రేషన్ షాపులో కార్డులు పిలిచినట్టుంది అన్నారెవరో. తప్పు పట్టలేం.

అసలు గోల స్వాగతం అనే మాట పదేపదే రావడమే అనుకుని రెండో ప్రతిలో దాన్ని మార్చాం. సాదర స్వాగతం, హార్దిక స్వాగతం, ఘన స్వాగతం అని ఒక్కొక్కరికి ఒక్కో విశేషణం. ఇంకా చెడింది. చెవి పట్టుకునేది మాటను కాదు, వాక్యం నడకను. ఆరు వాక్యాలూ ‘...గారికి ...స్వాగతం’ అనే ఆగితే ముందు ఏ విశేషణం తగిలించినా జాబితా జాబితాలాగే వినిపిస్తుంది. పైగా ఒకరికి ‘ఘన’, పక్కవారికి ‘సాదర’ అంటే ఎక్కువ తక్కువలు లెక్కేసేవాళ్ళు వేదిక మీదే ఉంటారు. మూడో ప్రతిలో ఒక్కొక్కరికి ఒక పద్యపాదం పెట్టి చూశాం. 40 సెకన్లు పెరిగింది, అమ్మాయికి యతి దగ్గర ఊపిరి అందలేదు. సినిమా డైలాగులతో స్వాగతం చెప్పే పద్ధతి ఈ మధ్య బాగా నడుస్తోంది కానీ అది యాంకర్ పని. స్వాగతం చెప్పేవారు ఎత్తుకుంటే యాంకర్‌కు ఏమీ మిగలదు.

నాలుగో ప్రతిలో ఒక దారం దొరికింది. కాలేజీ గేటు నుంచి వేదిక దాకా నడుచుకుంటూ రావడం, దారిలో ఏది కనిపిస్తే దానికి సంబంధించిన వ్యక్తిని పలకరించడం. వినడానికి హాయిగా ఉంది, కానీ వరస తప్పింది. గేటు ముందు రోడ్డు ఎమ్మెల్యే గారు వేయించింది కాబట్టి ముఖ్య అతిథి అయిన ఉపకులపతి గారి కన్నా ఆయన ముందొచ్చారు. ఇక్కడ కేంద్ర ప్రభుత్వ ప్రాధాన్య క్రమ పట్టికను చూపించి వాదించేవాళ్ళుంటారు. అది రాజ్య లాంఛనాల సందర్భాలకు ఉద్దేశించిందని దాని కిందే రాసి ఉంటుంది. కాలేజీ సభలో చెల్లేది ఆహ్వాన పత్రికలో అచ్చయిన వరస. పత్రిక, ఫ్లెక్సీ, కుర్చీల ముందు పెట్టే పేరు పలకలు, యాంకర్ కాగితం, ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ప్రసంగం మొదలుపెట్టకూడదు. మాకు ఫ్లెక్సీలో ఇద్దరి వరస తారుమారైంది. ముందే కనబడబట్టి సరిపోయింది.

ఇంకో చిక్కు: పత్రికలో మొదటి పేరు సభాధ్యక్షులది. మా సభకు ఆయన పాలకమండలి అధ్యక్షులు, అంటే ఇంటివారు. ఇంటివారికి స్వాగతం చెప్పడమేమిటి? ఇది తేలాక సగం ముడి విడిపోయింది. సంబోధన వరస వేరు, స్వాగతం వరస వేరు. సంబోధనలో ‘సభాధ్యక్షుల అనుమతితో’ అని ఆయనే ముందు. స్వాగతంలో అతిథులు ముగ్గురూ ముందు, ఇంటివారు ముగ్గురూ తరవాత, వీరికి కృతజ్ఞత మాత్రమే. దాతలు, వంటవాళ్ళు, మైకువాళ్ళు వందన సమర్పణ చేసేవారి వాటా, వాళ్ళను ఇక్కడ ముట్టుకోకూడదు.

ఐదో ప్రతిలో నడకను తిరగేశాం. చివర చేతికొచ్చే పట్టాతో మొదలుపెట్టి వెనక్కి, పొద్దున కొట్టే గంట దాకా. అలా వెళ్తే పత్రికలో వరస దానంతటదే వచ్చింది. పేరా ఇదీ:

“మూడేళ్ళ చదువు చివర మన చేతికొచ్చేది ఒక కాగితం. దాని అడుగున సంతకం చేసే చెయ్యి ఇందాక మన జ్యోతి వెలిగించింది. ఉపకులపతి ఆచార్య ఫలానా గారికి స్వాగతం. ఆ కాగితం కోసం చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు నిరుటి వానాకాలం దాకా బురదలో చెప్పులు చేత పట్టుకుని నడిచారు. ఆ దారికి తారు పోయించిన శాసనసభ్యులు శ్రీ ఫలానా గారు ఇవాళ అదే దారిన మన దగ్గరికొచ్చారు. గేటు దాటితే కుడిచేతి వైపు కెమిస్ట్రీ ల్యాబ్. అందులో ఒకప్పుడు బీకరు పగలగొట్టి జరిమానా కట్టిన విద్యార్థే పోయినేడు ల్యాబ్ మొత్తం బాగుచేయించారు. శ్రీ ఫలానా గారిని అతిథి అనడానికి నోరు రావడం లేదు. ఈ ముగ్గురినీ మన గడప దాకా రప్పించింది అధ్యక్షుల వారి మాట, కార్యదర్శి గారి ఉత్తరం. రోజూ తొమ్మిదిన్నర గంటకు వరండాలో నిలబడే ప్రిన్సిపాల్ గారిని చూసి ఈ సాయంత్రం ఎవరూ పరిగెత్తక్కర్లేదు.”

‘గారికి’ ఒక్కసారే. మిగతావాళ్ళకు గారు, గారిని, గారి, అంటే విభక్తి మారింది, క్రియా మారింది. ‘స్వాగతం’ ముఖ్య అతిథికి ఒకసారి, పేరా అయ్యాక తల్లిదండ్రులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు కలిపి ఇంకోసారి. చప్పట్లు కూడా ఆరు ముక్కలుగా కాకుండా మూడుసార్లే వచ్చాయి, బీకరు దగ్గర నవ్వుతో కలిపి. ఆ బీకరు మాట ఆయనకు ముందే ఫోన్‌లో చదివి వినిపించి ఒప్పించాం. అడగకుండా పెడితే ఎదురుతిరుగుతుంది.

ఒక్కొక్కరికి పట్టిన సెకన్లు కూడా కొలవాలి. ముఖ్య అతిథికి 14, ఎమ్మెల్యే గారికి 16, పూర్వ విద్యార్థికి 22 వచ్చాయి. ఇది ఇంకా వంకరే. ముఖ్య అతిథి కన్నా మూడోవారికి ఎక్కువ సమయం పోకూడదు. పట్టా దగ్గర ఇంకో వాక్యం పెట్టాలి, పొగడ్త కాకుండా. ఆయన హయాంలో మా కాలేజీకి వచ్చిన కొత్త కోర్సు ఏదైనా ఉందేమో ఆఫీసులో అడగాలి.

అట్టముక్కల మీద మండలి ఫాంట్ 20 పాయింట్లలో అచ్చు వేశాం. స్టేజీ లైట్ల కింద ఒత్తులు స్పష్టంగా కనబడేది నా కంటికి ఇదే. సన్న ఫాంట్లు వద్దు. పేర్లు ఇంటిపేరుతో సహా విడిగా పెద్దక్షరాల్లో. ‘శ్రీ డాక్టర్’ అని రెండూ పెట్టలేదు, ఏదో ఒకటి చాలు.

తేలనిది శాలువాల సంగతి. పేరు చెప్పగానే శాలువా కప్పి, మొక్క ఇచ్చి, ఫోటో తీయడం ఇక్కడి అలవాటు. ఒక్కొక్కరికి 25 సెకన్లు పోతుంది, దారం తెగిపోతుంది. ప్రసంగం అయ్యాకే సత్కారం పెట్టమని కార్యదర్శి గారిని అడగాలి. ఒప్పుకోకపోతే ముగ్గురు అతిథులకూ ఒకేసారి, బీకరు వాక్యం తరవాత. ఎమ్మెల్యే గారు ఆలస్యమైతే తీసి పక్కన పెట్టడానికి రోడ్డు వాక్యాలు వేరే అట్ట మీద రాయించాం. అది తీసేసినప్పుడు పట్టా నుంచి నేరుగా ల్యాబ్‌కు అతుకు ఎలా ఉంటుందో రేపు సాయంత్రం చదివించి చూడాలి.